కర్ర కోసిన కల్యాణం

ఇది మహాగాథ. ఇందులో గోదావరి దాటడం ఉంది, దేవుడి కల్యాణం ఉంది, ఒక మొక్కు, ఒక ఆయుధం, రెండేళ్ల అజ్ఞాతవాసం ఉన్నాయి. చివర ఒక ఇల్లాలు నోరు తెరిస్తే ఇల్లు దద్దరిల్లడం కూడా ఉంది.

అలా మొదలుపెట్టాను గాని రెండో వాక్యానికే నవ్వొచ్చింది. ఆ ఆయుధం వడ్రంగి రంపం. అజ్ఞాతవాసం చేసింది మా ఇంటి వసారాలో, వచ్చేపోయే వాళ్లందరి కళ్లెదుట. ఇల్లు దద్దరిల్లడం మాట అటుంచి, గాదె కింద పడుకున్న పిల్లి కూడా లేవలేదు. ఈ కథలో తేలవలసింది ఒకటే. నా ఎడమ తుంటిలో నిమ్మకాయంత ఎముక ఒకటి ఉంది. అది గుండ్రంగా మిగులుతుందా, చదునైపోతుందా? అంతే. కావ్యాలు రాసేవాళ్లు దీన్ని ముట్టుకోరు.

నేనూ ముట్టుకునేవాణ్ణి కాదు. మొన్న మా పెద్దనాన్నగారు ఇంటికొచ్చిన చుట్టాలకి నన్ను చూపించి, "మురమళ్ళ స్వామి దయండీ. మొక్కు చెల్లించేం, లేచి నడిచేడు" అన్నారు. చుట్టాలు నా కాళ్లకి దణ్ణం పెట్టినంత పని చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. పదేళ్లుగా ఈ మాట వింటున్నాను, పదేళ్లుగా మండుతూనే ఉన్నాను. నాకిప్పుడు పంతొమ్మిది. ఇంకా మండితే ఆరోగ్యానికి మంచిది కాదని రాస్తున్నాను.

అమలాపురానికి రెండు కోసుల దూరంలో మా ఊరు. కొబ్బరితోట, ఆరెకరాల ఊడ్పుచేను, ఉమ్మడి కుటుంబం. ఇంటికి పెద్ద పెద్దనాన్నగారు. ఆయన తమ్ముడు మా నాన్న, అన్నగారి ఎదుట దగ్గడానికి కూడా వీధిలోకి వెళ్లే మనిషి. మా అమ్మ తన బావగారితో ఎదురుపడి ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి నాన్నకి చెప్తుంది, నాన్న రెండడుగుల దూరంలో ఉన్న అన్నగారికి చెప్తాడు. ఆయన విననట్టే కూర్చుని, నాన్న నోట మళ్లీ వింటారు. ఒక మాట తలుపు దగ్గర్నుంచి పడక్కుర్చీ దాకా చేరడానికి అమలాపురం నుంచి టపా వచ్చినంతసేపు పట్టేది.

స్వరాజ్యం వచ్చిన రెండో ఏడు, నాకు ఏడేళ్లప్పుడు, కుంటడం మొదలుపెట్టాను. మోకాలు నొప్పి అన్నాను. అది అబద్ధం కాదు, నొప్పి మోకాల్లోనే ఉండేది. ఇక ఆ మోకాలికి జరిగిన మర్యాదలు ఇంతా అంతా కాదు. పొద్దున్న ఆముదం, సాయంత్రం వేడి ఇసుక మూట, మధ్యలో చింతాకు కట్టు. మా బడి పంతులుగారు ఎక్కాలు ఎగ్గొట్టడానికి వేషాలని తేల్చి రెండో మోకాలిమీద కూడా బెత్తంతో వైద్యం చేశారు. ఐదు నెలల తర్వాత తెలిసిందేమిటంటే, ఆ మోకాలికి ఏ జబ్బూ లేదు. రోగం తుంటిలో. తుంటి నొప్పి నరం వెంట దిగొచ్చి మోకాలి దగ్గర తలుపు తడుతుందట. పక్కింటివాడి అప్పుకి మా మోకాలు జప్తు అయినట్టు అయింది.

ముక్తేశ్వరం రేవులో పడవెక్కి, కోటిపల్లిలో దిగి, బస్సులో కాకినాడ వెళ్లాం. అక్కడ మద్రాసులో చదువుకొచ్చిన ఎముకల డాక్టరు ఒకాయన ఉన్నారు. మోకాలు చూడమని పెద్దనాన్నగారు చెప్పినా వినకుండా నన్ను బల్లమీద పడుకోబెట్టి తొడని అటూ ఇటూ తిప్పారు. కుడికాలు పక్కకి బార్లా వెళ్లింది. ఎడమకాలు జానెడు వెళ్లి ఆగిపోయింది. ఎక్స్‌రే తీశారు. ఆ పలకని కిటికీ వెలుగులో పెట్టి, పెద్దనాన్నగారికి చాలాసేపు చెప్పారు. ఇంగ్లీషులో.

దానికి కారణం పెద్దనాన్నగారి జరీ కండువా. మొదటి ప్రశ్నకి ఆయన "యస్" అన్నారు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషులో అది మూడోవంతు, మిగతా రెండు వంతులూ "నో", "వెరీ గుడ్". డాక్టరుగారు ఉత్సాహపడి మొత్తం జబ్బు చరిత్ర చెప్పేశారు. నాన్న తలదించుకుని విన్నాడు. అమ్మ వరండాలోనే ఉండిపోయింది, ఆడవాళ్లు లోపలికెందుకని.

తర్వాత నా రెండు కాళ్లకీ తొడ మొదలు నుంచి చీలమండ దాకా పిండికట్టు వేశారు. కాళ్లు ఎంత ఎడంగా పోతే అంత ఎడంగా పెట్టి, పాదాలు కాస్త లోపలికి తిప్పి, అవి మళ్లీ దగ్గరపడకుండా మధ్యలో రెండు మూరల కర్ర అడ్డంగా పెట్టి దాన్నీ పిండితో బిగించేశారు. నన్ను చూస్తే జామెట్రీ పెట్టెలోని కంపాసు గుర్తొచ్చేది. అప్పుడు డాక్టరుగారు తెలుగులో మూడు ముక్కలు చెప్పారు.

"నిలబడకూడదు. ఈ కర్ర తియ్యకూడదు. రెండు నెలలకి తీసుకురండి. అర్థమైందా?"

"ఆయ్" అన్నారు పెద్దనాన్నగారు.

"ఆయ్" అన్నాడు నాన్న.

మా కోనసీమ బయట పుట్టినవాళ్ల కోసం ఈ మాటకి అర్థం చెప్పాలి. ఆయ్ అంటే, తమరు చెప్పింది విన్నాను, తమరంటే గౌరవం ఉంది, ఇక తమరు ఆపవచ్చు అని. అర్థమైందని మాత్రం కాదు. చేస్తానని అసలే కాదు. మద్రాసులో అన్నేళ్లు చదివిన మనిషికి ఈ ఒక్క మాట ఎవరూ నేర్పలేదు. ఆయన తృప్తిగా చేతులు కడుక్కున్నారు. నాకు ఆయన మీద కూడా కోపమే. ఆ పలక మీద ఏముందో మూడు తెలుగు వాక్యాల్లో చెప్పి ఉంటే సరిపోయేది.

ఇంటికొచ్చాం. వసారాలో పెద్ద నవారు మంచం. పడుకోబెట్టిన మూడు వారాలకి నొప్పి పోయింది. పూర్తిగా పోయింది. ఇదే కొంపముంచింది.

ఎందుకంటే పెద్దనాన్నగారు మొక్కుకున్నారు. పిల్లాడి నొప్పి పోతే మురమళ్ళలో వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తానని, తమ్ముడూ మరదలూ పీటల మీద కూర్చుంటే పిల్లాణ్ణి మధ్యలో కూర్చోబెడతానని. నొప్పి పోయింది, మొక్కు మీదికొచ్చింది. ఆయన మంచం పక్కన నిలబడి నా ఆకారాన్ని పై నుంచి కిందికి చూశారు.

"వీణ్ణెలా కూర్చోబెడతాంరా?" అన్నారు నాన్నతో. "స్వామికేసి రెండు కాళ్లూ చాపుకుని, అదీ ఇలా గేటు తెరిచినట్టు. అపచారం కాదూ?"

"ఆయ్" అన్నాడు నాన్న.

"మధ్యలో కర్ర లేకపోతే రెండూ దగ్గరగా చేర్చి పక్కకి తిప్పి కూర్చోబెట్టొచ్చు. పైన పంచె కప్పొచ్చు. కట్టు ఎలాగూ ఉంటుంది గదా."

తలుపు చాటు నుంచి అమ్మ నాన్నని పిలిచింది. "డాక్టరుగారు తియ్యొద్దన్నారు గదండీ. ఎందుకు పెట్టేరో ఏవో. ఒకసారి అడిగించండి."

నాన్న టపా చేరవేశాడు. "డాక్టరుగారు తియ్యొద్దన్నారు గదా అంటోందండి."

"నొప్పి ఉన్నప్పుడు అన్నారు. ఇప్పుడు నొప్పేదీ?" అన్నారు పెద్దనాన్నగారు. నన్ను అడిగారు. "నొప్పుందిట్రా?"

"లేదండి" అన్నాను. నిజం చెప్పాను. నా జీవితంలో నిజం చెప్పి ఇంత నష్టపోయింది మళ్లీ లేదు.

వడ్రంగి వచ్చాడు. కర్రని రెండువైపులా కట్టు అంచుకి కోసేశాడు. నేను ఆనందంగా చూశాను, దాచడం ఎందుకు? నెలన్నర కంపాసుగా బతికినవాడు కాళ్లు దగ్గర పెట్టుకుంటే ఎంత హాయో చెప్పలేను. రాలిన పొట్టు అమ్మ చీపురుతో తోసింది, ఎవరివైపూ చూడకుండా.

బండి కట్టించుకుని మురమళ్ళ వెళ్లాం. కల్యాణం బాగా జరిగింది. నన్ను పట్టుపంచె చుట్టిన మొద్దులా అమ్మానాన్నల మధ్య పెట్టారు. అయ్యాక అర్చకులుగారు అక్షింతలు వేస్తూ నా కట్లు చూసి జాలిపడ్డారు. "అయ్యో, ఇంత కష్టపెట్టి కూర్చోబెట్టేరేవిటండీ? పడుకోబెట్టినా పర్లేదు గదా. పసివాడు ఎలా ఉన్నా స్వామికి అభ్యంతరవా?" అన్నారు.

"ఆయ్" అన్నారు పెద్దనాన్నగారు.

దేవుడికీ అభ్యంతరం లేదు, అర్చకులుగారికీ లేదు. ఆ కర్ర ప్రపంచంలో ఒకే ఒక్క మనిషికి అడ్డొచ్చింది. ఇంటికొచ్చాక ఎవరూ దాన్ని తిరిగి పెట్టలేదు. పెట్టడం ఎవరికి వచ్చు గనక? దొడ్లో చిక్కుడుపాదుకి ఊతం కావలసి వచ్చి అక్కడ పాతారు. ఇప్పుడు కాళ్లు తిన్నగా ఉన్నాయని, చూడ్డానికి బాగుందని ఊరంతా మెచ్చుకుంది. అమ్మ మాత్రం రాత్రిళ్లు నా కాళ్ల మధ్య దిండు పెట్టేది. ఎందుకో ఆమెకి తెలియదు. అక్కడ ఏదో ఒకటి ఉండాలని డాక్టరు అనుకున్నాడు కాబట్టి. నేను నిద్రలో తన్నేస్తే మళ్లీ పెట్టేది.

రెండు నెలలకి వెళ్లాల్సింది, వెళ్లలేదు. గోదావరికి వరదొచ్చింది. వరద తీసింది, ఊడ్పులొచ్చాయి. ఊడ్పులయ్యాయి, "నొప్పి లేదుగా" అనే మాటొచ్చింది. నాలుగో నెల దాటాక, ఒకనాడు నా కట్లు చితికి ఊడిపోతుంటే ఇక తప్పక బయల్దేరారు. ఈసారి అమ్మ ఎవరినీ అడగలేదు. నేరుగా వచ్చి పడవలో కూర్చుంది.

డాక్టరుగారు నన్ను చూశారు. పెద్దనాన్నగారిని చూశారు.

"కర్ర ఏదండీ?"

"భద్రంగానే ఉందండీ" అన్నారు పెద్దనాన్నగారు. "చిక్కుడుపాదు దగ్గర."

అంతకంటే నవ్వొచ్చే మాట నా చెవిన ఇంతవరకూ పడలేదు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

కొత్త పలక తీసి పాతదాని పక్కన పెట్టారు. పాతదాంట్లో ఎడమ తొడ ఎముక తల కుడిదానికంటే తెల్లగా గట్టిపడినట్టుంది, కాస్త కుంగింది, కాని గుండ్రంగానే ఉంది, తుంటిలోని గుంటలో, అంటే దాని గిన్నెలోనే ఉంది. కొత్తదాంట్లో అది ముక్కముక్కలుగా, తుంచిన బెల్లంలా ఉంది. పైగా గిన్నెలోంచి బయటివైపు జరిగింది, జరిగిన మేర పైన చదునైపోయింది.

"అర్థమైందా అని అడిగేను" అన్నారు డాక్టరుగారు. "మీరు అర్థమైందన్నారు."

"ఆయ్" అన్నారు పెద్దనాన్నగారు.

డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి అమ్మ లోపలికి వచ్చింది. బావగారి ముందు నుంచి నడిచి, బల్ల దగ్గర నిలబడింది.

"కర్ర ఎందుకండీ?" అంది. ఐదు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి.

డాక్టరుగారు ఆమెని ఒక క్షణం చూసి, కట్టు వేసే పిండి తడిపి ముద్ద చేశారు. టీ కప్పు తెప్పించారు. "తొడ ఎముక తల బంతిలా ఉంటుందమ్మా. తుంటిలో గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. మీవాడికి ఆ తలకి రక్తం అందడం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలీదు. ఎముక చచ్చింది. అది మొదటి దశ. తర్వాత చచ్చిన ఎముకని ఒళ్లే కరిగించి తీసేస్తుంది, అప్పుడు ముక్కలైనట్టు కనబడుతుంది. అది రెండో దశ, ఇప్పుడున్నది. అప్పుడిది మెత్తన. మూడో దశలో కొత్త ఎముక పుడుతుంది. నాలుగోదాంట్లో గట్టిపడి ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. మొత్తం రెండేళ్లు, మూడేళ్లు. నొప్పికీ దీనికీ లెక్క లేదు. నొప్పి లేనప్పుడే మరీ మెత్తగా ఉండొచ్చు."

ముద్దని కప్పు లోపల పెట్టి వేళ్లతో తిప్పారు. "కాళ్లు ఎడంగా ఉంటే బంతి మొత్తం గిన్నె లోపల ఉంటుంది. మెత్తగా ఉన్నా గిన్నె దానికి గుండ్రం నేర్పుతుంది." తర్వాత ముద్దని సగం బయటికి లాగి కప్పు అంచు మీద నొక్కారు. అంచు దిగి సొట్ట పడింది. "కాళ్లు దగ్గరపెడితే ఇది."

అమ్మ ఆ సొట్ట చూసింది. "పొట్టిక్కబుట్ట లాగా" అంది.

"ఏవిటమ్మా?"

"పనసాకు బుట్టలో పిండి పోసి ఆవిరికి పెడతాం గదండీ. బుట్ట ఎలా ఉంటే పొట్టిక్క అలా వస్తుంది. ఉడక్కముందే బుట్ట ఊడదీస్తే పిండి పక్కకి జారి చదునైపోద్ది. ఉడికేక బుట్ట తీసేసినా ఏం కాదు. అంతేనాండీ?"

డాక్టరుగారు సొట్టపడ్డ ముద్దని బల్లమీద పెట్టేశారు. "అంతేనమ్మా" అన్నారు. "ఇప్పుడు ఉడకడం సగంలో ఉంది."

"రాత్రిళ్లు మధ్యలో దిండు పెట్టేనండీ."

"మంచి పనే చేసేరు. కాని దిండు జారుతుంది. కర్ర జారదు."

ఈ మాత్రానికి నెలన్నర కంపాసూ, రెండు నెలల ఆలస్యమూ, ఒక చిక్కుడుపాదూ ఎందుకు? పొట్టిక్కలు వండే మనిషిని వరండాలో నిలబెట్టి, పొట్టిక్కలు తినే మనిషికి ఇంగ్లీషులో చెప్పారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఎవరినైనా కొట్టాలనిపిస్తుంది. కొట్టదగ్గ వాళ్లంతా పెద్దవాళ్లు. అందరికీ గారు తగిలించి పిలవాలి.

ఎడమకాలు ఇప్పుడు జానెడు కూడా పక్కకి వెళ్లలేదు. ఆసుపత్రిలోనే మూడు వారాలు పడుకోబెట్టి, కాలికి పట్టీలు అంటించి, తాడు కట్టి, మంచం చివర ఇటుకలు వేలాడదీశారు. మెల్లగా సాగింది. తర్వాత మళ్లీ పిండికట్లు, మళ్లీ కర్ర. ఈసారి కర్ర పొడుగు అమ్మ మూరలతో కొలుచుకుంది.

ఇంటికొచ్చిన మూడో నెలలో పెద్దనాన్నగారి కూతురికి సంబంధం కుదిరింది. వియ్యాలవారు వస్తున్నారు. వసారాలో మంచం మీద నేను, నా గేటు.

"రెండ్రోజులు" అన్నారు పెద్దనాన్నగారు నాన్నతో. "వాళ్లెళ్లేక డాక్టరుచేత పెట్టిద్దాం. ఇంట్లో కుంటి పిల్లాడున్నాడని మొదటి చూపులోనే పడాలా?"

నాన్న "ఆ" దాకా అన్నాడు. "య్" రాలేదు. తలుపు చాటు నుంచి అమ్మ బయటికొచ్చింది.

"కొయ్యడానికి వీల్లేదు బావగారూ."

మా ఇంట్లో గోడ మాట్లాడినా అంత వింతగా ఉండేది కాదు. పెద్దనాన్నగారు ఆవిడవైపు చూడకుండా నాన్నని అడిగారు. "ఏవంటోందిరా?"

"నేను చెప్పింది వినబడే ఉంటదండి. ఒకసారి దేవుడి కోసమని కోసేరు, దేవుడు అడక్కపోయినా. ఇప్పుడు వియ్యాలవారి కోసం. అది ఉడకని పిండండీ. ఉడికేక మీరు కోసుకోండి, కాల్చుకోండి, చిక్కుడుపాదుకి పెట్టుకోండి. అంతవరకూ దానిమీద రంపం పెడితే పిల్లాణ్ణి తీసుకుని కాకినాడ ఆసుపత్రి వరండాలో కాపురం పెడతాను. ఆ వరండా నాకు అలవాటే."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"ఆయ్" అంది అమ్మ. "తెలుస్తోందండి."

వడ్రంగి అప్పటికే రంపం గోనెసంచిలో పెట్టేసుకుని, "నాకు అవతల తలుపుల పనుందండి" అని వెళ్లిపోయాడు. ఇల్లు దద్దరిల్లుతుందని నేను ఎదురుచూశాను. పెద్దనాన్నగారు మజ్జిగ అడిగారు. అమ్మే తెచ్చి ఇచ్చింది. వియ్యాలవారు వచ్చారు, నన్ను చూశారు, అరటిపండు ఇచ్చారు, సంబంధం ఖాయం చేసుకుని వెళ్లారు.

ఆ కర్ర, కట్టు మార్చినప్పుడల్లా మారుతూ, పద్నాలుగు నెలలు నా కాళ్ల మధ్యనే ఉంది. ప్రతి పలకనీ డాక్టరుగారు అమ్మకే చూపించేవారు. ముక్కల మధ్య కొత్త ఎముక మబ్బులా పుట్టడం, మబ్బు కలుసుకోవడం ఆమె నాన్న కంటే ముందు పోల్చుకునేది. చివరి పలక కిటికీలో పెట్టి ఆయన, "ఉడికిందమ్మా" అన్నారు.

"గుండ్రంగా వచ్చిందాండీ?"

"లేదు. కోడిగుడ్డులా వచ్చింది. వయసుంది గనక గిన్నె కూడా దానికి తగ్గట్టు కొంత మారుతుంది. నడుస్తాడు. పరిగెత్తుతాడు, కాస్త ఊగుతూ. నడివయసులో కీలు అరిగి నొప్పి పెట్టొచ్చు."

"ఆ కర్ర అప్పుడు తియ్యకపోయుంటే?"

డాక్టరుగారు పెద్దనాన్నగారి వైపు చూశారు. "చెప్పలేనమ్మా. తియ్యకపోయినా అందరికీ గుండ్రంగా రాదు. కాని చాలామందికి ఇంతకంటే నయంగా వస్తుంది."

అది చాలు నాకు. చెప్పలేనమ్మా అన్న మాటని పెద్దనాన్నగారు గట్టిగా పట్టుకుని స్వామి దయలో కలిపేశారు. మొన్న చుట్టాల ముందు ఆయన ఆ మాట అన్నప్పుడు, "పెద్దనాన్నగారూ, నొప్పి పోయింది మంచం వల్ల, నడుస్తున్నది కర్ర వల్ల, ఊగుతున్నది కల్యాణం వల్లండి" అన్నాను. చుట్టాలు కాఫీ గ్లాసులు కింద పెట్టారు. ఆయన నా వైపు చూసి, "ఆయ్" అన్నారు. వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఒక్క నిమిషం ఆగింది.

ఎడమకాలు ముప్పాతిక అంగుళం పొట్టి. ఎడమ చెప్పుకి అడుగున అదనంగా తోలు కుట్టించుకోవాలి. వానాకాలం బురదలో అది ఊడిపోతుంది, మళ్లీ కుట్టించుకోవాలి.